టెస్ట్‌లో 0.98 తెచ్చుకున్న గోల్డ్ మోడల్‌కి నిన్నటి ధరతో పోటీ

ప్రశ్న: రోజువారీ బంగారం ధర మీద 60 రోజుల విండోతో ఎల్‌ఎస్‌టీఎం కట్టాను. డాలర్ ఇండెక్స్, అమెరికా పదేళ్ల రియల్ ఈల్డ్ కూడా ఫీచర్లుగా ఇచ్చాను. టెస్ట్ సెట్‌లో ఆర్ స్క్వేర్ 0.98 వచ్చింది, గ్రాఫ్‌లో రెండు గీతలూ కలిసిపోయాయి. కానీ లైవ్‌లో చూస్తుంటే ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నది సగంసార్లు తప్పుతోంది. ఎక్కడ తేడా కొడుతోంది? ఎక్స్‌జీబూస్ట్‌కి మారితే బాగుపడుతుందా?

జవాబు:

మారినా బాగుపడదండీ. చిక్కంతా కొలిచిన పద్ధతిలో ఉంది. ఆ 0.98 నిజంగానే వచ్చి ఉంటుంది, కానీ మోడల్ అనేదే లేకుండా కూడా అది వస్తుంది. కాగితం మీద లెక్క వేసి చూడండి.

బంగారం ధర రోజుకి మామూలుగా 1 శాతం అటూ ఇటూ కదులుతుంది. మీ టెస్ట్ కాలంలో సగటు ధర ఔన్సు 1,900 డాలర్లు, ఆ సగటు చుట్టూ స్టాండర్డ్ డీవియేషన్ 100 డాలర్లు అనుకుందాం. ఇప్పుడు ఏ ఫీచరూ చూడకుండా "రేపటి ధర ఇవాళ్టి ధరే" అని చెప్పేశారనుకోండి. తప్పు సుమారు 19 డాలర్లు వస్తుంది. 19 వర్గం 361, 100 వర్గం 10,000. ఒకటిలోంచి 0.036 తీసేస్తే ఆర్ స్క్వేర్ 0.964. ధర బాగా పెరిగిన కాలాన్ని టెస్ట్‌గా తీసుకుంటే ఇది ఇంకా పైకి పోతుంది. సగటు 2,400, డీవియేషన్ 250 అయితే తప్పు 24 డాలర్లే కాబట్టి 0.99 దాటుతుంది. అంటే పరుగు మీదున్న మార్కెట్‌లో పరీక్ష పెడితే ఏ తెలివీ అక్కర్లేకుండానే మార్కులు పెరుగుతాయి. ధర స్థాయి మీద లెక్కగట్టిన ఆర్ స్క్వేర్ కొలిచేది ఆ టెస్ట్ కాలంలో బంగారం ఎంత దూరం ప్రయాణించిందన్నదే.

మీ గ్రాఫ్‌నే ఏదో ఒక నెల వరకు పెద్దది చేసి చూడండి. మోడల్ గీత అసలు గీతకి ఒక రోజు వెనకగా నడుస్తూ కనిపిస్తుంది. ధర పడిన మర్నాడు మోడల్ పడుతుంది, లేచిన మర్నాడు లేస్తుంది. 60 రోజుల విండోలో చివరి రోజు ధరని పట్టుకుని దాదాపు అదే తిరిగి చెప్పడం నేర్చుకుంది. వర్గ దోషాన్ని తగ్గించమన్నారు కాబట్టి అది చేయగలిగిన మంచి పని కూడా అదే. కాబట్టి అడగాల్సిన ప్రశ్న, నిన్నటి ధర కంటే మోడల్ ఎంత మెరుగు అని. దానికి ఇంత కోడ్ చాలు:

```python
mse_model = ((p_true - p_hat)**2).mean()
mse_naive = ((p_true - p_prev)**2).mean()
print(1 - mse_model / mse_naive)
```

దీన్నే అవుట్ ఆఫ్ శాంపిల్ ఆర్ స్క్వేర్ అంటారు. సున్నా వస్తే మోడల్ నిన్నటి ధరతో సమానం. మైనస్ వస్తే దానికంటే అధ్వానం. మీ వివరాలు చూస్తే చిన్న మైనస్ వస్తుందని నా అంచనా. దానికి కారణం కూడా చెప్పుకోవచ్చు. బంగారం ఏడాదికి 10 శాతం పెరిగే కాలంలో కూడా రోజుకి సగటు లాభం 0.04 శాతమే. రోజువారీ ఊగిసలాట 1 శాతం. వెతుకుతున్న సంకేతం చప్పుడులో ఇరవై అయిదో వంతు. 50 యూనిట్లు, మూడు ఫీచర్లు ఉన్న ఒక్క ఎల్‌ఎస్‌టీఎం పొరలో 10,800 పారామీటర్లుంటాయి. పదిహేనేళ్ల డేటా ఇచ్చినా ట్రైనింగ్ వరసలు సుమారు 3,750. ఒక్కో వరసకి మూడు పారామీటర్ల చొప్పున పడుతున్నాయి. చప్పుడుని బట్టీ పట్టడానికి అంత చోటుంటే అది పడుతుంది, టెస్ట్‌లో ఆ బట్టీ అంతా అదనపు తప్పుగా తేలుతుంది. అరిమా ఈ విషయంలో నిజాయితీగా ఉంటుంది. లాగ్ ధరల మీద దాన్ని నడిపితే చాలాసార్లు (0,1,0) దగ్గరో, దాన్నుంచి పెద్దగా తేడాలేని చోటో ఆగుతుంది. అంటే నిన్నటి ధర, మహా అయితే దానికి కాస్త డ్రిఫ్ట్. ఆ డ్రిఫ్ట్‌ని కూడా నమ్మలేం. 2001 నుంచి 2011 దాకా బంగారం 300 డాలర్ల లోపు నుంచి 1,900 దరిదాపులకి వెళ్లింది. ఆ పదేళ్ల డ్రిఫ్ట్ పట్టుకుని ముందుకెళ్లినవాళ్లకి 2013 ఒక్క ఏడాదిలోనే సుమారు 28 శాతం పతనం ఎదురైంది.

ఎక్స్‌జీబూస్ట్ సంగతి. చెట్ల మీద నడిచే మోడల్ దేనికైనా ధర స్థాయిని టార్గెట్‌గా ఇస్తే ఇంకో గొయ్యి ఉంది. అది చెప్పే సంఖ్యలన్నీ ట్రైనింగ్‌లో చూసిన సంఖ్యల నుంచే వస్తాయి. 2011 నుంచి 2019 దాకా ట్రైన్ చేస్తే అది చూసిన గరిష్ఠం 1,900 దగ్గర. 2020 జూలై చివర్లో బంగారం ఆ పాత రికార్డు దాటింది. 2025 మార్చిలో 3,000, అక్టోబర్‌లో 4,000 దాటింది. ర్యాండమ్ ఫారెస్ట్ అయినా, ఎక్స్‌జీబూస్ట్ అయినా ఇన్నాళ్లూ 1,900 దగ్గరే అడ్డగీత గీస్తూ కూర్చుంటుంది. ఎల్‌ఎస్‌టీఎంకీ ఈ జబ్బు కొంత ఉంది. దాన్ని దాచేది మాత్రం `MinMaxScaler`. ట్రైనింగ్ భాగం మీద మాత్రమే స్కేలర్‌ని ఫిట్ చేస్తే టెస్ట్ ధరలు 1 దాటిపోయి ఫలితం పాడవుతుంది. మొత్తం డేటా మీద ఫిట్ చేస్తే బాగా వస్తుంది. అందుకే చాలా నోట్‌బుక్కుల్లో మొత్తం మీదే ఫిట్ చేసి ఉంటుంది. అలా చేసిన క్షణమే భవిష్యత్తులో ధర ఎంత ఎత్తుకి వెళ్తుందో మోడల్‌కి చెప్పేసినట్టు. మీ కోడ్‌లో ఆ వరస ఎక్కడుందో ముందు చూడండి.

వీటన్నిటికీ మందు ఒకటే, టార్గెట్‌ని ధర నుంచి లాగ్ రిటర్న్‌కి మార్చడం. మార్చగానే 0.98 సున్నా దగ్గరికి వచ్చేస్తుంది. ఏదో చెడిపోయిందనుకుని వెనక్కి వెళ్లకండి. అసలు పని అక్కడ మొదలవుతుంది.

ఇక రియల్ ఈల్డ్. మీరు ఇచ్చిన ఫీచర్లలో ఆర్థికంగా అన్నిటికంటే అర్థవంతమైనది ఇదే, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం. బంగారం వడ్డీ ఇవ్వదు. ద్రవ్యోల్బణం తీసేశాక అమెరికా బాండు ఇచ్చే రాబడి పెరిగితే బంగారం ఉంచుకోవడం వల్ల పోగొట్టుకునేది పెరుగుతుంది, ధర తగ్గాలి. వాదన బలమైనది. 2000ల నడిమి నుంచి 2021 దాకా డేటా కూడా దీన్నే చెప్పింది. పదేళ్ల రియల్ ఈల్డ్ సిరీస్ `DFII10` ని తిరగేసి బంగారం పక్కన పెడితే రెండూ కవలల్లా కనిపించేవి. ఈ కాలాన్ని రెండు ముక్కలు చేసి, మొదటి ముక్క మీద ఫిట్ చేసి రెండో ముక్క మీద పరీక్షించినా మోడల్ చాలావరకు నిలబడేది. అంటే ఇది కళ్లు మూసుకుని చేసిన కర్వ్ ఫిటింగ్ కాదు, అవుట్ ఆఫ్ శాంపిల్ పరీక్ష కూడా పాసైన మోడలే.

తర్వాత 2022 వచ్చింది. ఆ ఏడాది మొదట్లో పదేళ్ల రియల్ ఈల్డ్ మైనస్ 1 శాతం దగ్గరుంది. 2023 అక్టోబర్‌కల్లా ప్లస్ 2.5 శాతం దగ్గరికి చేరింది. మోడల్ అడిగే ప్రశ్న వేద్దాం: ఇంతకుముందు రియల్ ఈల్డ్ 1 శాతం పైన ఉన్నప్పుడు బంగారం ఎంత? 2018 నవంబర్‌లో ఈల్డ్ 1 శాతం కొంచెం దాటింది, బంగారం 1,220 డాలర్ల చుట్టుపక్కల ఉంది. 2.5 శాతం దగ్గర ఇంకా తక్కువ ఉండాలి. 2023 అక్టోబర్ చివర్లో నిజంగా ఉన్నది 2,000 డాలర్ల దగ్గర. అక్కణ్ణుంచి ఈల్డ్ చెప్పుకోదగ్గంత దిగకపోయినా 2024లో బంగారం పాతిక శాతం పైగా పెరిగింది.

ఇక్కడ గమనించాల్సింది, మోడల్‌కి రేపటి ఈల్డ్ ముందే చెప్పినా అది ఓడిపోయిందన్న సంగతి. మామూలుగా బంగారాన్ని ఊహించాలంటే ముందు ఈల్డ్‌ని ఊహించాలి, అది ఇంకో కష్టం. ఆ కష్టం తీసేసినా లాభం లేకపోయింది. మారకపు రేట్ల విషయంలో ఆర్థికవేత్తలు రిచర్డ్ మీస్, కెన్నెత్ రోగోఫ్ 1983లో చూపించింది ఇదే. వడ్డీ రేట్లు, డబ్బు సరఫరా లాంటి వాటి అసలు భవిష్యత్ విలువల్ని మోడళ్ల చేతికిచ్చినా, తక్కువ కాలపు అంచనాల్లో అవి ర్యాండమ్ వాక్‌ని, అంటే "రేపటి రేటు ఇవాళ్టి రేటే" అనే అంచనాని, గెలవలేకపోయాయి. అప్పట్నుంచి కరెన్సీ మీద పనిచేసేవాళ్లు ఆ గీటురాయి వదల్లేదు. డాలర్లలో ధర పలికే బంగారానికి కూడా అదే పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

సంబంధం ఎందుకు తెగింది? ఎక్కువమంది చెప్పే కారణం కొనుగోలుదారు మారడం. 2022 ఫిబ్రవరి చివర్లో, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, రష్యా సెంట్రల్ బ్యాంకు విదేశీ నిల్వల్ని పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ లెక్కల ప్రకారం 2022, 2023, 2024 మూడేళ్లూ సెంట్రల్ బ్యాంకులు ఏడాదికి 1,000 టన్నులకి పైగా కొన్నాయి. ఆంక్షల భయంతో కొనేవాళ్లు అమెరికా బాండు రాబడి ఎంతో చూసుకుని ఆగరు. ఇది పూర్తి కారణమో కాదో తేల్చడం కష్టమే. కానీ మీ పనికి కావలసిన పాఠం స్పష్టంగా ఉంది: ట్రైనింగ్ కాలంలో ధరని నిర్ణయించిన చెయ్యి ఒకటి, టెస్ట్ కాలంలో ఇంకొకటి. ఆ రెండో చెయ్యి మీ ఫీచర్లలో లేనే లేదు. దాన్ని ఇప్పుడు చేర్చి 2022 నుంచి మళ్లీ "టెస్ట్" చేస్తే అది పరీక్ష కాదు. ఏం జరిగిందో తెలిశాక ఎంచుకున్న ఫీచర్ అది. సెంట్రల్ బ్యాంకుల కొనుగోళ్ల లెక్క మూడు నెలల అంచనాగా, ఆలస్యంగా వస్తుందని, తర్వాత సవరణలు కూడా జరుగుతాయని గుర్తుంచుకోండి. ఆ రోజు నాటికి మీ చేతిలో ఉండని సంఖ్యని ఆ రోజు వరసలో పెట్టకూడదు.

ఇంత చెప్పాక కూడా కొందరికి రిటర్న్స్ మీద, పాజిటివ్ ఆర్ స్క్వేర్ వస్తుంది. అలా వస్తే సంబరపడే ముందు గడియారం చూడాలి. నా అనుభవంలో గోల్డ్ మోడళ్లని ఎక్కువగా మోసం చేసేది ఇదే, దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు.

లండన్ ఎల్‌బీఎంఏ మధ్యాహ్నపు ధర అక్కడి సమయం 3 గంటల వేలంలో తేలుతుంది. అప్పటికి న్యూయార్క్‌లో మామూలుగా ఉదయం 10. మీ డాలర్ ఇండెక్స్, ఈల్డ్ మాత్రం అదే తేదీ న్యూయార్క్ సాయంత్రపు విలువలు. మీరు మంగళవారం ఫీచర్లతో బుధవారం లండన్ ధరని ఊహిస్తున్నారు, తేదీల ప్రకారం అంతా సవ్యంగా ఉంది. కానీ మంగళవారం లండన్ వేలం ముగిశాక న్యూయార్క్‌లో ఇంకా కొన్ని గంటల వ్యాపారం జరిగింది. ఆ గంటల్లో డాలర్ పడితే బంగారం అప్పుడే లేచిపోయింది. బుధవారం లండన్ ధరలో అది కనిపిస్తుంది, మీ మోడల్ దాన్ని "ముందే పట్టేసింది". ఇది టెస్ట్ సెట్‌లో నిజంగా పనిచేస్తుంది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది, లైవ్‌లో కూడా లండన్ ధరని సరిగ్గానే చెబుతుంది. డబ్బు మాత్రం రాదు. ఎందుకంటే మంగళవారం సాయంత్రం మీకు సంకేతం వచ్చేసరికి మంగళవారం లండన్ ధరకి అమ్మేవాళ్లెవరూ ఉండరు.

న్యూయార్క్ ఎక్స్ఛేంజ్ కామెక్స్‌లో ఫ్యూచర్స్ సెటిల్‌మెంట్ ధర వాడినా ఇదే కథ. అది న్యూయార్క్ మధ్యాహ్నం 1:30కి తేలుతుంది. ఫెడ్ వడ్డీ నిర్ణయం 2 గంటలకి వస్తుంది. ఆ రోజు సెటిల్‌మెంట్‌కి ఫెడ్ ఏమన్నదో తెలియదు, ఆ రోజు చివరి ఈల్డ్‌కి తెలుసు. కనిపెట్టడం తేలిక. ఫీచర్లన్నిటినీ ఇంకొక్క రోజు వెనక్కి జరిపి మళ్లీ నడపండి. ఉన్న కాస్త ఆర్ స్క్వేర్ ఎగిరిపోతే అది గడియారం తేడా. ఇంకా నమ్మకం కుదరకపోతే ఫెడ్ సమావేశాల రోజుల్ని విడిగా తీసి, లాభమంతా ఆ తర్వాతి రోజుల్లోనే ఉందేమో చూడండి. ఫ్యూచర్స్ కాంట్రాక్టులు కలిపిన `GC=F` లాంటి సిరీస్‌లో, ఒక కాంట్రాక్టు నుంచి తర్వాతిదానికి మారేటప్పుడు వచ్చే రోల్ గెంతు కూడా ఉంటుంది. వడ్డీ 5 శాతం ఉన్నప్పుడు రెండు నెలల తేడా ఉన్న కాంట్రాక్టుల మధ్య సుమారు 0.8 శాతం వ్యత్యాసం ఉంటుంది. అది దాదాపు ఒక రోజు కదలికంత. క్యాలెండర్ ఫీచర్ ఇచ్చిన మోడల్ దాన్ని అందంగా నేర్చేసుకుంటుంది. అందులో చేతికి దక్కేదేమీ లేదు.

దిశ సగంసార్లు తప్పుతోందన్నారు. రెండు వైపులా జాగ్రత్త కావాలి ఇక్కడ. ఏడాదిలో 250 ట్రేడింగ్ రోజులు. ఉత్త నాణెం ఎగరేసినా 50 శాతానికి 6 శాతం అటూ ఇటూ రావడం మామూలే. కాబట్టి ఒక ఏడాది 55 శాతం వస్తే మోడల్ గెలిచినట్టు కాదు, 46 వస్తే చచ్చినట్టూ కాదు. నిజంగా 52 శాతం నైపుణ్యం ఉన్న మోడల్‌ని నాణెం నుంచి వేరుచేసి గుర్తించాలంటే దాదాపు 2,500 రోజులు, అంటే పదేళ్లు కావాలి. పైగా పోల్చాల్సింది 50తో కూడా కాదు. బంగారం పెరిగే ఏళ్లలో "రోజూ పెరుగుతుంది" అని చెప్పినవాడికే 50 దాటుతుంది.

ఇంకో సంగతి దీనికి అతుక్కునే ఉంది. విండో 30, 60, 90 పెట్టి చూశారు, యూనిట్లు మార్చారు, డ్రాపౌట్ మార్చారు, టెస్ట్ ఫలితం బాగున్నది ఉంచుకున్నారు కదా? ఏ నైపుణ్యమూ లేని, ఒకదానితో ఒకటి సంబంధం లేని 40 మోడళ్లని 250 రోజుల మీద పరీక్షిస్తే వాటిలో మొదటి ర్యాంకుది సగటున 57 శాతం దగ్గర తెస్తుంది. అసలు మోడళ్లు ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి కాబట్టి ఆ సంఖ్య కాస్త తగ్గొచ్చు. అయినా సెట్టింగ్ ఎంచుకోవడానికి వాడిన టెస్ట్ సెట్, ట్రైనింగ్ సెట్‌లో భాగమైపోయినట్టే.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది ఇదీ. 80/20 అని ఒక్కసారి కోయకుండా వాక్ ఫార్వర్డ్ పెట్టండి. పదేళ్ల డేటాతో ట్రైన్ చేసి, తర్వాతి నెల ఊహించి, ఆ నెలని ట్రైనింగ్‌లో కలిపి, మళ్లీ తర్వాతి నెలకి వెళ్లాలి. స్కేలింగ్, ఫీచర్ ఎంపిక, సెట్టింగుల ఎంపిక అన్నీ ప్రతిసారీ ఆ తేదీకి ముందున్న డేటాతోనే జరగాలి. ఒక్క రోజు కాక 20 రోజుల రిటర్న్ ఊహిస్తుంటే, ట్రైనింగ్ చివరి వరసల జవాబులు టెస్ట్ కాలంలోకి పాకి ఉంటాయి. మధ్యలో కనీసం 20 రోజులు ఖాళీ వదలాలి. `TimeSeriesSplit` లో `gap=20` పెడితే సరిపోతుంది.

తర్వాత ఒక్క సగటు సంఖ్యతో ఆగకండి. రోజువారీగా నిన్నటి ధర చేసిన తప్పు వర్గంలోంచి మోడల్ చేసిన తప్పు వర్గం తీసేసి, కూడుకుంటూ పోయి గీత గీయండి. షేర్ మార్కెట్ రాబడి అంచనాల మీద అమిత్ గోయల్, ఐవో వెల్చ్ 2008లో వేసిన తరహా బొమ్మ ఇది. గీత నెమ్మదిగా, ఏళ్ల తరబడి ఎక్కుతూ ఉంటే అక్కడ ఏదో ఉంది. 2020 మార్చిలో ఒక్క గెంతు గెంతి ఆ తర్వాత పడుకుంటే మీ మోడల్‌కి తెలిసింది ఒక్క నెల మాత్రమే. రియల్ ఈల్డ్ మోడల్‌కి ఈ బొమ్మ గీస్తే 2022 నుంచి గీత కిందికి జారడం కంటికే కనిపిస్తుంది. ఏ పీ వాల్యూ కూడా దాన్ని అంత సూటిగా చూపించదు.

దిశని పక్కనపెట్టి రేపటి కదలిక పరిమాణాన్ని ఊహిస్తానంటే మాత్రం పరిస్థితి వేరు, ఆ వైపు వెళ్లమని గట్టిగా చెబుతాను. పెద్ద కదలికల తర్వాత పెద్ద కదలికలు రావడం బంగారంలో బలంగా ఉంది. గార్చ్ లాంటి మూడు పారామీటర్ల పాత మోడల్ కూడా "వొలటిలిటీ ఎప్పుడూ ఒకటే" అనే అంచనాని అవుట్ ఆఫ్ శాంపిల్‌లో గెలుస్తుంది. షేర్లలో ధర పడితే వొలటిలిటీ ఎక్కువ పెరుగుతుంది. బంగారంలో తరచూ దానికి తిరగబడి, ధర ఎగిరినప్పుడు ఎక్కువ పెరుగుతుంది. అందుకని షేర్ల కోసం రాసిన అసమాన గార్చ్ సెట్టింగుల్ని యథాతథంగా తెచ్చిపెట్టకండి.

కొలవడం ఇక్కడ కూడా జాగ్రత్తగా చేయాలి. ఒక రోజు రిటర్న్ వర్గం ఆ రోజు వొలటిలిటీకి చాలా చప్పుడుతో కూడిన కొలత. దాంతో పోలిస్తే మంచి మోడల్‌కి కూడా తక్కువ ఆర్ స్క్వేరే వస్తుంది. అయిదు నిమిషాల డేటా దొరికితే దాన్నుంచి లెక్కగట్టిన రియలైజ్డ్ వొలటిలిటీతో పోల్చండి. దొరక్కపోతే రోజూ 95 శాతం పరిధి చెప్పించి, అందులో నిజంగా ఎన్ని రోజులు పడ్డాయో, బయటపడ్డవి గుంపుగా వచ్చాయా విడివిడిగా వచ్చాయా చూడండి. 2013 ఏప్రిల్‌ని మీ పరీక్షలో తప్పకుండా ఉంచండి. 12వ తేదీ శుక్రవారం ఫ్యూచర్స్ 4 శాతం పడ్డాయి. మామూలు గార్చ్ ఆ దెబ్బకి సోమవారం అంచనాని 1 శాతం నుంచి 1.3 దగ్గరికి పెంచుతుంది, అంటే పరిధి సుమారు ప్లస్ మైనస్ 2.6. సోమవారం 15న పడింది 9 శాతం పైగా. పరిధిని పెంచాల్సిన దిశ మోడల్‌కి సరిగ్గానే తెలిసింది, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ తోకలు మాత్రం సరిపోలేదు. తోకలు ఇంకా మందంగా ఉండే స్టూడెంట్ టీ డిస్ట్రిబ్యూషన్ పెట్టి మళ్లీ నడిపి, ఆ వారం దగ్గర పరిధి ఎంత వచ్చిందో, దానికి బదులుగా మామూలు రోజుల్లో పరిధి ఎంత మారిందో పక్కపక్కన రాసి చూడండి.